ఫోన్ చేతిలోకి తీసుకున్నాకే మోగే గంట

థైరాయిడ్ మాత్ర పరగడుపునే వేసుకోవాలి. వేసుకున్నాక కనీసం అరగంట కాఫీ జోలికి పోకూడదు. రాజమండ్రిలో ఒంటరిగా ఉండే తల్లి దీన్ని మరిచిపోతోందని, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు ఆమె ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒక మందుల యాప్ వేసి, పొద్దున్న 5:30కి రిమైండర్ పెట్టాడనుకుందాం. నమ్మకం కోసం ఐదు నిమిషాల తర్వాతకి ఇంకొకటి పెట్టి చూశాడు. టంచనుగా మోగింది. వారం తిరక్కుండానే అమ్మ దగ్గర్నుంచి ఫోన్: "ఒరేయ్, నువ్వు పెట్టింది కొన్ని రోజులు సరిగ్గానే మోగుతోంది. కొన్ని రోజులు మాత్రం కాఫీ తాగేసి, ఫోన్ చేతిలోకి తీసుకున్నాక మోగుతోందిరా!"

ఆమె చెప్పిన ఆ రెండు ముక్కల్లోనే జబ్బు ఆనవాళ్లున్నాయి. సరిగ్గా మోగిన రోజులు ఏవని అడిగితే, రాత్రి ఫోన్ ఛార్జింగ్ పెట్టి పడుకున్న రోజులని తేలుతుంది. మోగనివి, ఫోన్‌ను ఊరికే బల్ల మీద ఉంచేసిన రోజులు.

2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఫోన్లకు డోజ్ అనే కునుకు అలవాటైంది. ఛార్జర్ తీసేసి, స్క్రీన్ ఆపి, కదపకుండా కొంతసేపు వదిలేస్తే ఫోన్ దాన్లోకి జారుకుంటుంది. ఎందుకంటే, నిద్రపోతున్న ప్రాసెసర్‌ను లేపిన ప్రతిసారీ బ్యాటరీ ఖర్చవుతుంది. ఇంట్లో ఒకరు ఉప్పుకి, ఇంకొకరు చింతపండుకి, మరొకరు అగ్గిపెట్టెకి విడివిడిగా కొట్టుకు పరిగెత్తడం ఎలాంటిదో, పది యాప్‌లు పది వేళల్లో ఫోన్‌ను లేపడం అలాంటిది. అందుకే ఆండ్రాయిడ్ అందరి సరుకులూ ఒకే చీటీ మీద రాసుకుని ఒకేసారి వెళ్లొస్తుంది. అలా మధ్యమధ్య కాసేపు లేచినప్పుడే ఆగిపోయిన పనులన్నీ జరుగుతాయి. మెలిక ఏమిటంటే, రాత్రి గడిచేకొద్దీ ఈ మేలుకొలుపుల మధ్య ఎడం పెరుగుతూ పోతుంది. ఆండ్రాయిడ్ మూల కోడ్‌లో మొదటి ఎడం గంట. తర్వాత రెండు గంటలు, ఆ తర్వాత నాలుగు, గరిష్ఠంగా ఆరు. ఫోన్ కంపెనీలు ఈ అంకెల్ని మార్చుకోవచ్చు.

ఆ లెక్క ప్రకారం అమ్మ ఫోన్ రాత్రి ఎలా గడిచిందో చూడండి. పదింటికి బల్ల మీద పెట్టింది. పదకొండుకి గాఢంగా కునుకు పట్టిందనుకుందాం. పన్నెండుకి ఒకసారి, రెండుకి ఇంకోసారి లేచింది. తర్వాతి మెలకువ ఆరింటికి. 5:30 గంట ఆ నాలుగు గంటల ఎడంలో ఇరుక్కుపోయింది. ఆమె 5:15కే లేచి, కాఫీ కలుపుకుని తాగి, 5:50కి ఫోన్ పైకెత్తింది. కదలిక తెలియగానే ఫోన్ మేలుకుని, ఆపి ఉంచిన గంటను కొట్టేసింది. ఛార్జర్‌కు తగిలించి ఉంటే డోజ్ రానే రాదు కాబట్టి ఆ రోజుల్లో వేళ తప్పలేదు. కొడుకు పరీక్ష ఎందుకు మోసం చేసిందో కూడా ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు ఫోన్ చేతిలో ఉంది, యాప్ అప్పుడే తెరిచి ఉంది, ఐదు నిమిషాల్లో ఏ కునుకూ పట్టదు.

మరి గడియారం యాప్‌లో పెట్టిన అలారం మాత్రం ఎప్పుడూ ఎందుకు తప్పదు? ఆండ్రాయిడ్‌లో గంటలన్నీ ఒక జాతివి కావు. యాప్ తయారుచేసినవాళ్లు ఏ రకం ఎంచుకున్నారన్నదే అసలు సంగతి. మామూలు రకం డోజ్‌లో ఆగిపోతుంది. రెండో రకం డోజ్‌లోనూ మోగుతుంది గానీ, దానికి రేషన్ ఉంది. గాఢ నిద్రలో ఒక యాప్‌కు సుమారు తొమ్మిది నిమిషాలకొకసారి మించి అవకాశం రాదు. 5:30కి ఒక మాత్ర, 5:35కి ఇంకొకటి పెట్టుకుంటే రెండోది వెనక్కి జరగొచ్చు. మూడోది గడియారపు అలారం. దాని వేళ దగ్గరపడగానే ఫోన్ తనంతట తానే కునుకు వదిలి సిద్ధంగా కూర్చుంటుంది. అలాంటి అలారం పెట్టి ఉంటే సాధారణంగా స్క్రీన్ పైభాగాన చిన్న గడియారం బొమ్మ కనిపిస్తుంది. మందుల యాప్‌లో రిమైండర్ పెట్టాక ఆ బొమ్మ రాకపోతే అది మొదటి రెండు రకాల్లో ఒకటై ఉండే అవకాశమే ఎక్కువ.

పైగా, కచ్చితమైన వేళకు మోగాలంటే ఇప్పుడు చాలా యాప్‌లకు అనుమతి కావాలి. 2021లో ఆండ్రాయిడ్ 12 తెచ్చిన ఈ అనుమతి సెట్టింగ్స్‌లో Alarms & reminders పేరుతో ఉంటుంది. 2023 నాటి ఆండ్రాయిడ్ 14 నుంచి, కొత్తగా వేసుకునే చాలా యాప్‌లకు అది ముందుగా ఆపేసే వస్తుంది. ఆన్ చేసుకోవాల్సింది మనమే. నోటిఫికేషన్ల అనుమతి వేరు. దాన్ని ఇచ్చి Alarms & reminders మరిస్తే గంట వస్తుంది కానీ ఆలస్యంగా రావచ్చు.

ఆలస్యం ఒక రకం బాధ, అసలు రాకపోవడం ఇంకో రకం. దీనికి కారణం చాలాసార్లు డోజ్ కాదు, ఫోన్ తయారీదారులు దాని మీద అదనంగా వేసుకున్న కాపలా. కొన్ని రోజులు తెరవని యాప్‌ను కొన్ని ఫోన్లు నిద్రపోయే యాప్‌ల జాబితాలో వేసేస్తాయి. రిమైండర్ యాప్‌ను ఎవరూ పనిగట్టుకుని తెరవరు, అది మోగితే చాలనుకుంటారు. సరిగ్గా అందుకే అది ఆ జాబితాకు చిక్కుతుంది. కొన్ని ఫోన్లలో ఇటీవలి యాప్‌ల తెర మీంచి ఒక యాప్‌ను వేలితో తోసేస్తే దాన్ని పూర్తిగా ఆపేసినట్టే లెక్క. Force stop చేసిన యాప్ గంటలన్నీ రద్దయిపోతాయి, మళ్లీ తెరిచేదాకా కొత్తవి పుట్టవు. ఫోన్ రీస్టార్ట్ అయినా గంటలు చెరిగిపోతాయి. యాప్ వెంటనే లేచి వాటిని మళ్లీ పెట్టుకోవాలి. Autostart ఆపేసి ఉంటే ఆ అవకాశమూ పోతుంది. ఇక బ్యాటరీ సేవర్ వెలిగితే, ఫోన్ డోజ్‌లోకి వెళ్లకపోయినా, తెర మీద లేని యాప్‌ల పనులు వాయిదా పడతాయి.

ఐఫోన్ దారి వేరు. అక్కడ యాప్ తన గంటలను ముందే సిస్టమ్ చేతికి అప్పగిస్తుంది కాబట్టి యాప్ నిద్రపోతున్నా అవి మోగుతాయి. కాకపోతే ఒక యాప్ 64 గంటలకు మించి అప్పగించలేదు. రోజుకు నాలుగు వేళల్ని విడివిడిగా రాసే యాప్ అయితే పదహారు రోజులకే ఆ సరుకు నిండుకుంటుంది. మధ్యలో తెరవకపోతే పదిహేడో రోజు నిశ్శబ్దం.

అమ్మ ఫోన్‌కు చేయాల్సిన మరమ్మతు చిన్నదే. సెట్టింగ్స్‌లో మందుల యాప్ తెరిచి, బ్యాటరీ దగ్గర Unrestricted ఎంచుకోవాలి. Alarms & reminders, Autostart ఉంటే ఆన్ చేయాలి. నిద్రపోయే యాప్‌ల జాబితాలో దాని పేరుంటే తీసేయాలి. ఇదే సంజీవని అనుకోకూడదు. యాప్ మామూలు రకం గంటను వాడుతుంటే, Unrestricted ఇచ్చినా డోజ్‌లో అది ఆగిపోవచ్చు. కాబట్టి పరీక్ష కూడా నిజంగా ఉండాలి. రాత్రి ఛార్జర్ తీసేసి, ఫోన్‌ను బల్ల మీద ముట్టుకోకుండా ఉంచి, పొద్దున్న పక్కన కూర్చుని వేరే గడియారంలో వేళ చూడాలి. మోగిందా లేదా అని ఫోన్ ఎత్తి చూస్తే పరీక్ష చెడుతుంది.

ఆ పరీక్షలోనూ తప్పితే యాప్ మార్చడం కంటే సులువైన దారి ఒకటుంది. పరగడుపు మాత్రను గడియారం యాప్‌లో రోజూ మోగే అలారంగా పెట్టి, దాని పేరు దగ్గర "థైరాయిడ్ మాత్ర, తర్వాత కాఫీ" అని రాయడం. మందుల యాప్ పక్కన అలాగే ఉండొచ్చు, ఏ రోజు వేసుకున్నదీ రాసిపెట్టుకోవడానికి.