బిట్‌కాయిన్ 6,000 గీత.. ఒకసారి ఉచ్చు, ఒకసారి నిజం

2018లో బిట్‌కాయిన్ కొన్నవాళ్లందరి కళ్లూ ఒకే అంకె మీద ఉండేవి. అది 6,000 డాలర్లు. ఫిబ్రవరిలో ధర అక్కడిదాకా పడి లేచింది. అప్పటి నుంచి ఎప్పుడు పడినా ఆ చుట్టుపక్కలే ఆగేది. ఆ ఏడాది ఈ గీత జూన్ చివర్లోనూ, నవంబర్‌లోనూ తెగింది. జూన్‌లో భయపడి అమ్ముకున్నవాళ్లు నెల తిరిగేసరికి ధర 8,000 దాటడం చూసి తల పట్టుకున్నారు. నవంబర్‌లో ‘ఇదీ అలాంటిదేలే’ అని పట్టుకుని కూర్చున్నవాళ్లు డిసెంబర్‌కి సగం డబ్బు పోగొట్టుకున్నారు. గీత ఒక్కటే, తెగడం ఒకేలా కనిపించింది. మరి తేడా ఎక్కడుంది?

ఏదైనా కాయిన్ ధర కొన్ని వారాలో నెలలో రెండు అంచుల మధ్య తిరుగుతుంటే దాన్ని ట్రేడింగ్ రేంజ్ అంటారు. కింది అంచు సపోర్ట్, పై అంచు రెసిస్టెన్స్. ధర కింది అంచు దాటి కొంచెం జారి, వెంటనే మళ్లీ లోపలికి వచ్చేస్తే అది ‘స్ప్రింగ్’. పై అంచు దాటి పైకి తొంగి చూసి మళ్లీ లోపలికి పడిపోతే అది ‘అప్‌థ్రస్ట్’. వందేళ్ల కిందటి అమెరికా స్టాక్ మార్కెట్ విశ్లేషకుడు రిచర్డ్ వైకాఫ్ పద్ధతిని అనుసరించేవాళ్లు ఈ పేర్లు వాడతారు.

ఈ ఉచ్చులు అంచుల దగ్గరే ఎందుకు పడతాయి? స్టాప్ లాస్‌లు అక్కడే గుంపుగా ఉంటాయి కాబట్టి. 6,200 దగ్గర కొన్న మనిషి ‘6,000 తెగితే అమ్మేయాలి’ అని 5,950 దగ్గర స్టాప్ లాస్ పెడతాడు. అలా వేలమంది పెడతారు. గీత తెగగానే ఆ ఆర్డర్లన్నీ ఒకేసారి అమ్మకాలుగా మారతాయి. అప్పు మీద ఫ్యూచర్స్ కొన్నవాళ్ల పొజిషన్లను ఎక్స్ఛేంజే బలవంతంగా మూసేస్తుంది, అవీ అమ్మకాలే. ‘తెగింది, ఇంకా పడుతుంది’ అని కొత్తగా షార్ట్ చేసేవాళ్లూ వచ్చి కలుస్తారు. పెద్ద మొత్తంలో కొనాలనుకునేవాళ్లకు ఇదే కావాలి. మామూలు రోజుల్లో వాళ్లు కొనడం మొదలుపెడితే ధర పెరిగిపోతుంది. ఇక్కడ మాత్రం అందరూ అమ్ముతుంటే తక్కువ ధరకే సరుకు దొరుకుతుంది. అమ్మేవాళ్లు అయిపోగానే ధర పైకి లేస్తుంది. షార్ట్ చేసినవాళ్లు నష్టానికి తిరిగి కొనక తప్పదు, దాంతో ధర ఇంకా వేగంగా లేస్తుంది. దీని వెనక ఎవరో ఒకరు కుట్ర చేయాల్సిన పని లేదు. ఆర్డర్లు అక్కడ పోగై ఉండటమే చాలు.

ఇప్పుడు జూన్ సంగతి చూద్దాం. 2018 జూన్ 24న ధర 6,000 కిందికి జారి సుమారు 5,800 తాకింది. అదే రోజు ముగిసేలోపు తిరిగి 6,100 పైకి వచ్చింది. 28న మళ్లీ పడింది, ఈసారి రోజు ముగింపు కూడా 6,000 కిందే, దాదాపు 5,900 దగ్గర. ‘క్యాండిల్ గీత కింద క్లోజ్ అయితే నిజమైన బ్రేక్’ అని ఒక్క ముక్కలో నేర్చుకున్నవాళ్లు ఇక్కడ దెబ్బతిన్నారు. ఎందుకంటే 29న ధర మళ్లీ 5,800 దాకా వెళ్లినా అంతకుముందు తాకిన అడుగు కంటే కిందికి పోలేదు. ఆ రోజే 6,200కి వచ్చేసింది. అంటే అమ్మకానికి రెండోసారి అవకాశం వచ్చినా కొత్తగా అమ్మేవాళ్లు లేరు. జూలై చివరి వారంలో ధర సుమారు 8,400 తాకింది.

నవంబర్ కథ వేరు. 14న ధర 6,300 పై నుంచి ఒక్కరోజులో 5,700కి పడింది. మర్నాడు లేవాలని చూసినా 5,800 కూడా దాటలేదు, 6,000ను తాకనే లేదు. ఇదే అసలు గుర్తు. నిజంగా తెగిన గీత దగ్గరికి ధర తిరిగి వెళ్లదు, లేదా వెళ్లినా అక్కడ తల కొట్టుకుని వెనక్కి వస్తుంది. నిన్నటి సపోర్ట్ రెసిస్టెన్స్‌గా మారిపోతుంది. ఐదారు రోజుల్లో ధర 5,000 కిందికి, డిసెంబర్ మధ్యకు సుమారు 3,200కి చేరింది.

తెగకముందే ఒక సూచన కూడా ఉంది. 6,000 దగ్గర నుంచి లేచిన ప్రతిసారీ ధర చేరిన ఎత్తు తగ్గుతూ వచ్చింది. ఫిబ్రవరిలో 11,000 పైకి, మేలో దాదాపు 10,000కి, జూలైలో 8,400కి, సెప్టెంబర్ మొదట్లో 7,400కి. కింద కొనేవాళ్ల బలం నెలనెలా కరుగుతోందన్నమాట. జూన్ స్ప్రింగ్ కూడా ఈ మొత్తం దిశను మార్చలేదు. స్ప్రింగ్ చెప్పేది ఒక్కటే, ఈసారికి తెగడం విఫలమైందని. కొత్త బుల్ మార్కెట్ వచ్చేసిందని కాదు.

పై అంచులో ఇదే తలకిందులుగా జరుగుతుంది. 2021 ఏప్రిల్‌లో బిట్‌కాయిన్ గరిష్ఠం సుమారు 64,800. అక్టోబర్ 20న దాన్ని దాటి 67,000 దాకా పోయింది, మర్నాడే 62,000 దగ్గరికి జారింది. నవంబర్ 10న 69,000 తాకి, అదే రోజు 65,000 దగ్గర ముగిసింది. రెండుసార్లు పైకి వెళ్లినా నిలబడలేకపోయింది. జనవరికి ధర 40,000 కిందికి వచ్చింది. దీన్ని 2020 డిసెంబర్ 16తో పోల్చండి. మూడేళ్లుగా అడ్డుగా ఉన్న 20,000 గీతను దాటి ఆ రోజు 21,000 పైన ముగిసింది, మర్నాడు ఇంకా పైకే వెళ్లింది. గీత లోపలికి మళ్లీ రావడానికి ఏడాదిన్నర పట్టింది.

కాబట్టి చూడాల్సింది తెగిన క్షణాన్ని కాదు, ఆ తర్వాతి రెండు మూడు క్యాండిల్స్‌ను. ధర గీత లోపలికి తిరిగి వచ్చిందా? వచ్చాక ఇంకోసారి అంచును పరీక్షించినప్పుడు అక్కడ నిలబడిందా? రెండింటికీ అవునంటేనే ఉచ్చు. బయటే ఉండి, గీతను బయటి నుంచి తాకి వెనుదిరిగితే నిజమైన బ్రేక్. చాలా ఎక్స్ఛేంజ్‌లలో రోజువారీ క్యాండిల్ మన టైమ్ ప్రకారం తెల్లవారుజామున 5:30కి ముగుస్తుంది. రాత్రి పదకొండుకు ఫోన్‌లో కనిపించే గీత తెగడం పూర్తి కాని క్యాండిల్‌దే.

వాల్యూమ్ సాయపడుతుంది, కానీ స్ప్రింగ్ రోజున, నిజమైన బ్రేక్ రోజున రెండింటిలోనూ అది పెరుగుతుంది. అందుకే మొదటి రోజు కంటే రెండో పరీక్షలోని వాల్యూమ్ ఎక్కువ చెబుతుంది. అది తగ్గితే అమ్మేవాళ్లు అయిపోయారని అర్థం. ఇది కూడా పెద్ద కాయిన్లలోనే. చిన్న కాయిన్లలో కొందరు తమలో తామే కొని అమ్మి వాల్యూమ్ పెంచి చూపిస్తారు, పైగా ఒక్క పెద్ద ఆర్డరే గీత తెంపేస్తుంది. అక్కడ ఈ పద్ధతి పెద్దగా పనిచేయదు.

ఆగి చూడటానికి కూడా ధర ఉంది. నవంబర్ 14న ఒకరోజు ఆగినవాడు 5,950కి బదులు 5,650 దగ్గర అమ్మాడు. అది చాలా ఎక్కువ అనిపిస్తే ముందే తక్కువ కొనాలి తప్ప స్టాప్ లాస్‌ను తీసేయకూడదు. మన దేశంలో ఇంకో లెక్క కూడా ఉంది. క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, ప్రతి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్. ఒక ట్రేడ్‌లో పోయిన డబ్బును ఇంకో ట్రేడ్ లాభంలోంచి తీసేసి చూపించే వీలు లేదు. ఉచ్చులో రెండుసార్లు పడి మూడోసారి గెలిచినా, పన్ను మాత్రం ఆ మూడోదాని మీద పూర్తిగా కట్టాల్సిందే.