చదువు వీసా ముగిసేలోపు ఉద్యోగ వీసా: బ్రిటన్‌లో తేదీల లెక్క

బ్రిటన్‌లో మాస్టర్స్ చదివే మన పిల్లల్లో చాలామంది ఉద్యోగం దొరకడమే అసలు గండం అనుకుంటారు. అది దాటినవాళ్లు కూడా తేదీల దగ్గర తడబడుతున్నారు. ఆఫర్ లెటర్ చేతిలో ఉంటుంది, కంపెనీ స్పాన్సర్ చేస్తానంటుంది, అయినా వీసా చేజారిపోతుంది. చదువు ముగిసిన తేదీ, స్టూడెంట్ వీసా గడువు, ఉద్యోగంలో చేరే తేదీ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉంటాయో ముందే తెలిస్తే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఖమ్మం నుంచి వెళ్లిన అనూష అనే అమ్మాయి, వయసు 23. లెస్టర్‌లో కంప్యూటింగ్ మాస్టర్స్. కోర్సు 2025 సెప్టెంబర్ 22న మొదలై 2026 సెప్టెంబర్ 25న ముగుస్తుంది. పన్నెండు నెలలు, అంతకు మించిన కోర్సులకు చదువు ముగిశాక మరో నాలుగు నెలలు వీసా ఇస్తారు కాబట్టి ఆమె గడువు 2027 జనవరి 25. ఉద్యోగ వీసాకి మారే పనంతా ఈ నాలుగు నెలల్లోనే జరగాలి.

ఆ వీసా పేరు స్కిల్డ్ వర్కర్. దానికి హోం ఆఫీస్ లైసెన్స్ ఉన్న కంపెనీ ఒక సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ ఇవ్వాలి. పిల్లలంతా దాన్ని సీఓఎస్ అంటారు. పేరుకి సర్టిఫికెటే గాని చేతికొచ్చే కాగితం కాదు. కంపెనీ హోం ఆఫీస్ వెబ్‌సైట్‌లోకి వెళ్లి ఉద్యోగం కోడ్, జీతం, పని గంటలు, చేరే తేదీ నింపితే వచ్చే ఒక నంబరు. ఆ నంబరుతోనే మనం దరఖాస్తు చేస్తాం. ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లోపు దాన్ని వాడుకోవాలి.

2023 జూలై నుంచి చదువు మధ్యలో వదిలేసి ఉద్యోగ వీసాకి మారడం కుదరదు. సీఓఎస్‌లో రాసే చేరే తేదీ కోర్సు ముగిసిన తేదీకి ముందు ఉండకూడదు. అనూష విషయంలో ఆ తేదీ సెప్టెంబర్ 25. ఒక హెచ్‌ఆర్ ఉద్యోగి తొందరపడి సెప్టెంబర్ 14 అని నింపాడంటే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా దరఖాస్తు తిరస్కరిస్తారు. కాబట్టి నంబరు రాగానే సంబరపడి దరఖాస్తు పంపేయకుండా, అందులో ఏం రాశారో చూపించమని కంపెనీని అడగాలి. అడగడానికి మొహమాటపడాల్సిన పనేమీ లేదు.

ఇక జీతం. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. 2025 జూలై 22 నుంచి స్కిల్డ్ వర్కర్‌కి మామూలు కనీస జీతం ఏడాదికి 41,700 పౌండ్లు. చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లకీ 26 ఏళ్ల లోపువాళ్లకీ ‘న్యూ ఎంట్రంట్’ అని ఒక సడలింపు ఉంది. వాళ్లకి 33,400 చాలు. ఈ అంకె వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరుగుతుంది. దాంతోపాటు ఉన్న రెండో షరతు మాత్రం తిరగదు. ప్రతి ఉద్యోగం కోడ్‌కీ హోం ఆఫీస్ ఒక రేటు కట్టింది. న్యూ ఎంట్రంట్‌కి ఆ రేటులో కనీసం 70 శాతం ఇవ్వాలి. 33,400, ఈ 70 శాతం, రెండింటిలో ఏది ఎక్కువైతే అదే లెక్క.

అక్టోబర్‌లో లీడ్స్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ అనూషకి 35,000 పౌండ్ల జీతంతో ఆఫర్ ఇచ్చిందనుకోండి. 33,400 కంటే ఎక్కువే కదా అని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ప్రోగ్రామర్ల కోడ్ 2134కి 2025 జూలై పట్టికలో రేటు వారానికి 37.5 గంటల లెక్కన 54,700. అందులో 70 శాతం 38,290. ఆ ఆఫర్‌తో వీసా రాదు, 3,290 పౌండ్లు తక్కువ. బోనస్, ఇంటద్దె అలవెన్సు కలిపి ‘ప్యాకేజీ’ 39,000 అవుతుందని కంపెనీ చెప్పినా ఒప్పుకోరు. గ్యారంటీగా ఇచ్చే మూల జీతమే లెక్కలోకి వస్తుంది. తక్కువ రేటున్న వేరే కోడ్ కింద చూపిద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోవద్దు. చేసే పనికీ కోడ్‌కీ పొంతన లేదని అధికారికి అనిపిస్తే వీసా పోతుంది, కంపెనీ లైసెన్స్ కూడా చిక్కుల్లో పడుతుంది.

అప్పుడు అనూష బేరమాడాలి. బేరానికి ఆమె చేతిలో ఒక గట్టి ఆధారం ఉంది. విదేశీయుల్ని స్పాన్సర్ చేసే కంపెనీ ప్రభుత్వానికి ఇమిగ్రేషన్ స్కిల్స్ ఛార్జ్ కట్టాలి. 2025 డిసెంబర్ నుంచి పెద్ద కంపెనీకి అది ఏడాదికి 1,320 పౌండ్లు, మూడేళ్లకి 3,960. స్టూడెంట్ వీసా నుంచి నేరుగా స్కిల్డ్ వర్కర్‌కి మారే మనిషిని తీసుకుంటే ఆ ఛార్జ్ ఉండదు. చాలామంది మేనేజర్లకి ఈ సంగతి తెలియదు. ‘నన్ను ఇప్పుడు స్పాన్సర్ చేస్తే మీకు ఇంత మిగులుతుంది, అందులో కొంత జీతంలో కలపండి’ అని అడగడం న్యాయమైన మాటే. కంపెనీ 38,500కి ఒప్పుకుందనుకుందాం.

ఇక్కడ ఆమె ముందు రెండు దారులున్నాయి. ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం ఇదే. ఒకటి, నేరుగా స్కిల్డ్ వర్కర్. రెండు, ముందు గ్రాడ్యుయేట్ వీసా, అంటే మనవాళ్లు ఇప్పటికీ పీఎస్‌డబ్ల్యూ అని పిలిచేది. దానికి స్పాన్సర్ అక్కర్లేదు, ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. 2026 డిసెంబర్ 31 లోపు దరఖాస్తు పెడితే రెండేళ్లు, 2027 జనవరి 1 తర్వాత పెడితే పద్దెనిమిది నెలలే. అనూష స్టూడెంట్ వీసా జనవరి 25 దాకా ఉన్నా, ఈ దారిలో ఆమె అసలు గడువు డిసెంబర్ 31. పైగా ఆమె కోర్సు పాసైందని యూనివర్సిటీ హోం ఆఫీస్‌కి తెలియజేసేదాకా ఆ దరఖాస్తు పెట్టకూడదు. ఫలితాలు ఎప్పుడొస్తాయో, ఆ సమాచారం ఏ తేదీన పంపుతారో యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో నవంబర్‌లోనే కనుక్కోవాలి.

గ్రాడ్యుయేట్ వీసాలో స్వేచ్ఛ ఉంది గాని దాని మూల్యం తర్వాత తెలుస్తుంది. న్యూ ఎంట్రంట్ సడలింపు మొత్తం నాలుగేళ్లే. గ్రాడ్యుయేట్ వీసాపై గడిపిన కాలం అందులోంచి తీసేస్తారు. రెండేళ్లు అలా గడిస్తే సడలింపు జీతంతో స్పాన్సర్ చేయడానికి మిగిలేది రెండేళ్లే. ఆ తర్వాత పూర్తి రేటు, ఈ ఉద్యోగానికైతే 54,700, ఇవ్వాలి. స్కిల్స్ ఛార్జ్ మినహాయింపు కూడా అప్పటికి ఉండదు.

నేరుగా వెళ్లడంలోనూ ప్రమాదం ఉంది. ఒకసారి స్కిల్డ్ వర్కర్‌కి మారితే ఈ డిగ్రీ మీద గ్రాడ్యుయేట్ వీసా ఇక దొరకదు, ఎందుకంటే అది స్టూడెంట్ వీసాలో ఉన్నవాళ్లకే. ఉద్యోగం పోతే కంపెనీ హోం ఆఫీస్‌కి చెప్పాలి. మామూలుగా వీసా 60 రోజులకి కుదించేస్తారు. ఆలోపు మరో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి. నన్నడిగితే, జీతం సరిపోయి, కంపెనీ నిలకడైనదైతే నేరుగా వెళ్లడమే మంచిది. కంపెనీ మొన్నమొన్న పుట్టిందైనా, అందులో పనిచేసేవాళ్లు పెదవి విరుస్తున్నా, గ్రాడ్యుయేట్ వీసా తీసుకుని ఆ కాలంలో మెరుగైన చోటు చూసుకోవాలి.

అనూష నేరుగా వెళ్లాలనుకుంది. నవంబర్ 20న సీఓఎస్ నంబరు వచ్చింది, చేరే తేదీ డిసెంబర్ 14. ఆమె gov.uk లో ఫారం నింపి, ‘UK Immigration: ID Check’ అనే యాప్‌లో పాస్‌పోర్టు స్కాన్ చేసి, ఫీజు, ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున హెల్త్ సర్‌ఛార్జ్ కట్టి పంపాలి. ఏడాది దాటి బ్రిటన్‌లోనే ఉంది కాబట్టి బ్యాంకు నిల్వ చూపించనక్కర్లేదు. స్టూడెంట్ వీసాకి బీ2 స్థాయి ఇంగ్లిష్ చూపించి ఉంటుంది కాబట్టి మళ్లీ పరీక్ష అక్కర్లేదు.

నిర్ణయం మామూలుగా ఎనిమిది వారాల్లో వస్తుంది, అంటే జనవరి 15 ప్రాంతంలో. ఆలస్యమై జనవరి 25 దాటినా కంగారు పడక్కర్లేదు. గడువులోపు దరఖాస్తు పెట్టినవాళ్లకి, నిర్ణయం వచ్చేదాకా పాత వీసా పాత షరతులతోనే కొనసాగుతుందని 1971 ఇమిగ్రేషన్ చట్టం సెక్షన్ 3సీ చెబుతోంది. చూసేది దరఖాస్తు పంపిన తేదీనే. జనవరి 25న పంపినా గడువులోపే, 26న పంపితే ఆలస్యమే. సరైన కారణం ఉంటే పద్నాలుగు రోజుల్లోపు ఆలస్యాన్ని మన్నించవచ్చు గాని, అప్పుడు సెక్షన్ 3సీ రక్షణ ఉండదు, పని చేసే హక్కూ ఉండదు.

దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా ఉద్యోగంలో చేరవచ్చా? స్టూడెంట్ వీసా మీద శాశ్వత ఫుల్‌టైమ్ ఉద్యోగం చేయకూడదు. అయితే చదువు ముగించి, స్టూడెంట్ వీసా ఉండగానే స్కిల్డ్ వర్కర్ దరఖాస్తు పెట్టినవాళ్లు, స్పాన్సర్ చేసిన ఆ ఉద్యోగంలో చేరేందుకు నిబంధనల్లో మినహాయింపు ఉంది. వీసా తేదీ దాటిపోయిందని హెచ్‌ఆర్ భయపడితే, హోం ఆఫీస్ వారి ఎంప్లాయర్ చెకింగ్ సర్వీస్‌లో అడిగి రాతపూర్వకంగా నిర్ధారించుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ఆమె గట్టిగా ఉండాలి. సంక్రాంతికి ఇంటికి రావద్దు. నిర్ణయం రాకముందే ఆమె హైదరాబాద్ విమానం ఎక్కితే, దరఖాస్తును ఆమే వెనక్కి తీసుకున్నట్టు లెక్కేస్తారు. అప్పటికి స్టూడెంట్ వీసా కూడా ముగిసిందంటే తిరిగి వెళ్లే దారి మూసుకుపోతుంది. అమ్మానాన్నలు పండక్కి రమ్మని బలవంతపెట్టే ముందు ఇది తెలుసుకోవాలి.

స్పాన్సర్ లైసెన్స్ ఉన్న కంపెనీల పేర్లన్నీ gov.uk లో ఎవరైనా చూడవచ్చు. జాబితాలో లేని కంపెనీ ‘అప్లై చేస్తాం’ అని నవంబర్‌లో అంటే, లైసెన్స్‌కే మామూలుగా ఎనిమిది వారాలు పడుతుంది కాబట్టి జనవరి గడువుకి దాన్ని నమ్ముకోకూడదు. 2025 జూలై నుంచి కొత్తగా స్పాన్సర్ చేయాలంటే ఉద్యోగం డిగ్రీ స్థాయిది అయి ఉండాలి, మినహాయింపులు కొన్నే. పిల్లలు పార్ట్‌టైమ్ చేసే గోడౌన్, సూపర్ మార్కెట్ పనులకి సీఓఎస్ రాదు. కేర్ హోమ్ ఉద్యోగాలకి విదేశాల నుంచి తీసుకోవడం కూడా అదే రోజుతో ఆగిపోయింది.

సీఓఎస్ ఫీజుని గాని, లైసెన్స్ ఖర్చుని గాని ఉద్యోగి దగ్గర వసూలు చేయడం నిబంధనలకు విరుద్ధం. అయినా గడువు దగ్గరపడ్డ పిల్లల భయాన్ని చూసి లక్షలకి సీఓఎస్ అమ్మేవాళ్లున్నారు. అలాంటి కంపెనీ లైసెన్స్ రద్దయితే డబ్బు కట్టిన పిల్లల వీసా కూడా పోతుంది. మీ అబ్బాయో అమ్మాయో ‘ఈ వారంలో డబ్బు పంపితే సీఓఎస్ ఇస్తారట’ అని ఫోన్ చేస్తే, పొలం తాకట్టు పెట్టకండి. కంపెనీ పేరు, ఉద్యోగం కోడ్, మూల జీతం, చేరే తేదీ అడిగి కాగితం మీద రాసుకుని, యూనివర్సిటీ సలహాదారుకో, అక్కడి గుర్తింపు పొందిన ఇమిగ్రేషన్ సలహాదారుకో చూపించమనండి.