షీటు నుంచి బీరువా దాకా రూపాయి నడక

ఆషాఢం వెళ్లి శ్రావణం రాగానే బీరువాలకు గిరాకీ మొదలవుతుంది. అమ్మాయికి పెట్టే సారెలో చాలా ఇళ్లలో బీరువా ఇప్పటికీ ఉండాల్సిందే. వాటిని తయారుచేసే చిన్న షెడ్ల యజమానుల్ని ‘ఒక్క బీరువా మీకెంతకు పడుతుంది?’ అని అడిగితే షీటు ధర, కూలి ఖర్చు తడుముకోకుండా చెబుతారు. కరెంటు బిల్లు, అద్దె, సూపర్‌వైజరు జీతం ఒక్కో బీరువా మీద ఎంత పడిందో మాత్రం అంచనాగానే చెబుతారు. ఏడాదికి లాభమెంతో ఆడిటరు లెక్క తేలుస్తుంది గానీ, ఆ లాభం ఏ సరుకు మీద వచ్చిందో, ఎక్కడ కారిపోయిందో అందులో కనిపించదు.

పెద్ద ఫ్యాక్టరీలు చాలాకాలం దీనికోసం రెండు రకాల పుస్తకాలు నడిపేవి. ఆర్థిక ఖాతాలు ఒకచోట, తయారీ ఖర్చుల ఖాతాలు ఇంకోచోట ఉండేవి. రెండింట్లో లాభం వేర్వేరుగా తేలేది. ఆ తేడా ఎందుకొచ్చిందో వివరించే పట్టిక తయారుచేయడమే ఏడాది చివర ఒక పెద్ద పని. ఇంటిగ్రేటెడ్ ఖాతాల పద్ధతి ఆ రెండింటినీ కలిపేసింది. ఒకే లెడ్జరులో సప్లయరు, బ్యాంకు, స్టోర్సు, తయారీలో ఉన్న సరుకు అన్నీ ఉంటాయి. షీటు కొన్నరోజు వేసిన పద్దే చివరికి బీరువా ధర దాకా నడుస్తుంది. ఆ నడకను ఒక బీరువాల షెడ్డు నెల లెక్కతో చూద్దాం. అంకెలు తేలిగ్గా అర్థం కావడానికి నేను వేసుకున్నవి.

ఆ నెల షీటు, తాళాలు, హ్యాండిళ్లు, పెయింటు, వెల్డింగ్ రాడ్లు అన్నీ కలిపి 6,00,000 రూపాయల సరుకు అప్పుమీద వచ్చింది. మామూలు పుస్తకంలో దీన్ని ‘కొనుగోళ్లు’ అని రాసేస్తారు. ఇక్కడ అలా రాయరు. స్టోర్స్ కంట్రోల్ ఖాతాకు 6,00,000 డెబిట్, సప్లయర్ల ఖాతాకు అంతే క్రెడిట్. జీఎస్టీ తిరిగి జమ చేసుకోగలిగితే అది వేరే ఖాతాలోకి పోతుంది, సరుకు ధరలో కలవదు. ఇప్పటికి ఖర్చు ఏమీ కాలేదు, సరుకు గోదాములో ఉందంతే.

అసలు కథ సరుకు గోదాము గుమ్మం దాటినప్పుడు మొదలవుతుంది. ఇష్యూ స్లిప్పుల ప్రకారం 4,80,000 విలువైన షీటు, తాళాలు, పెయింటు బీరువాల్లోకే వెళ్లాయి. ఇది ప్రత్యక్ష సామగ్రి. మరో 30,000 విలువైన వెల్డింగ్ రాడ్లు, ఎమరీ పేపరు, మెషీన్ల ఆయిలు వాడారు. ఇవి ఏ బీరువాకు ఎంత పట్టాయో విడిగా కొలవడం పనికిమించిన శ్రమ, కాబట్టి ఓవర్‌హెడ్ అవుతాయి. అందుకే పద్దు ఇలా పడుతుంది: తయారీలో ఉన్న సరుకు ఖాతాకు 4,80,000, ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ కంట్రోల్ ఖాతాకు 30,000 డెబిట్, స్టోర్స్ కంట్రోల్ ఖాతాకు 5,10,000 క్రెడిట్. స్టోర్సులో ఇంకా 90,000 సరుకు ఉన్నట్టు పుస్తకం చెబుతుంది. నెలాఖరున లెక్కిస్తే 85,000దే దొరికింది. తక్కువైనవి తాళాల సెట్లు. ఇది మామూలుగా జరిగే తరుగు కాదు కాబట్టి ఆ 5,000ను లాభనష్టాల ఖాతాకు నేరుగా పంపాలి. బీరువా ధరలో కలిపేస్తే, పోయిన తాళాల డబ్బు కొనేవాడి నెత్తిన పడుతుంది, పోయాయన్న సంగతీ మరుగున పడుతుంది.

వేతనాలకు రెండు మెట్లున్నాయి. ఈ రెంటినీ కలిపేయడమే చాలా షెడ్లలో లెక్క చెడడానికి మూలం. మొదటి మెట్టు ఎంత ఇవ్వాలన్నది. ఆ నెల వేతనాలు, యజమాని కట్టే పీఎఫ్, ఈఎస్ఐ వాటాతో కలిపి 2,00,000. కార్మికుల చేతికి బ్యాంకు ద్వారా వెళ్లింది 1,62,000. కార్మికుల వాటా, యజమాని వాటా కలిపి కట్టాల్సింది 38,000. కాబట్టి వేతనాల కంట్రోల్ ఖాతాకు 2,00,000 డెబిట్, బ్యాంకుకు 1,62,000, పీఎఫ్–ఈఎస్ఐ బకాయి ఖాతాకు 38,000 క్రెడిట్. చేతికిచ్చిన 1,62,000నే ఖర్చుగా రాస్తే బీరువా కూలి తక్కువగా కనిపిస్తుంది.

రెండో మెట్టు ఆ సమయం దేనికి పోయిందన్నది. దీన్ని చెప్పేది జీతాల రిజిస్టరు కాదు, టైమ్ కార్డులు. షీటు కోసినవారు, వంచినవారు, వెల్డింగ్, పెయింటింగ్ చేసినవారు బీరువాల మీద పెట్టిన సమయం విలువ 1,50,000. స్టోర్‌కీపరు, సూపర్‌వైజరు, ఊడ్చేవారి వేతనాలు 40,000. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి పని ఆగిన రోజులకు పడింది 10,000. మొదటిది తయారీలో ఉన్న సరుకుకు, రెండోది ఓవర్‌హెడ్‌కు, మూడోది అసాధారణ నష్టంగా లాభనష్టాలకు డెబిట్ అవుతాయి. మొత్తం 2,00,000 వేతనాల కంట్రోల్ ఖాతాకు క్రెడిట్ అయి, ఆ ఖాతా సున్నా అవుతుంది. నెల గడిచినా అందులో నిల్వ మిగిలి, దానికి సరిపడా టైమ్ కార్డులేవీ చేతిలో లేకపోతే, ఎవరి సమయమో ఎక్కడా నమోదు కాలేదన్నమాట.

ఇక ఓవర్‌హెడ్. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఇదే. రాడ్లు, ఎమరీ పేపరు 30,000, పరోక్ష వేతనాలు 40,000 ఇప్పటికే ఈ ఖాతాలో ఉన్నాయి. కరెంటు, అద్దె, మరమ్మతులు 60,000, మెషీన్ల తరుగుదల 20,000 వచ్చి చేరాయి. మొత్తం 1,50,000. దీన్ని ఉన్నదున్నట్టు ఆ నెల బీరువాల మీద పంచేస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. కరెంటు బిల్లు వచ్చే నెల వస్తుంది, షాపువాడు ధర ఈరోజు అడుగుతాడు. అంతకంటే పెద్ద చిక్కు ఆషాఢం తెచ్చిపెడుతుంది. ముహూర్తాలు లేవని పని తగ్గుతుంది, అద్దె మాత్రం తగ్గదు.

అందుకే ఏడాది మొదట్లోనే రేటు వేసుకుంటారు. ఈ షెడ్డులో ఏడాది ఓవర్‌హెడ్ అంచనా 18,00,000, ప్రత్యక్ష వేతనాల అంచనా 20,00,000. అంటే ప్రత్యక్ష కూలికి 90 శాతం. ఆ రేటున ఈ నెల 1,50,000 కూలి మీద 1,35,000 ఓవర్‌హెడ్ సరుకులోకి ఎక్కుతుంది: తయారీలో ఉన్న సరుకుకు డెబిట్, ఓవర్‌హెడ్ కంట్రోల్ ఖాతాకు క్రెడిట్. అయిన ఖర్చు 1,50,000, ఎక్కింది 1,35,000. ఖాతాలో 15,000 మిగిలింది. సరుకు మీదికి ఎక్కకుండా ఆగిన ఖర్చు అది.

ఒక బీరువాలో సామగ్రి 5,580, కూలి 1,800 అనుకోండి. 90 శాతం రేటున ఓవర్‌హెడ్ 1,620 చేరి 9,000 అవుతుంది. ఆషాఢంలో ప్రత్యక్ష కూలి లక్షకు పడిపోయి, ఓవర్‌హెడ్ 1,35,000 దగ్గర నిలిస్తే, అసలు ఖర్చునే పంచేవారికి రేటు 135 శాతం అవుతుంది. అదే షీటు, అదే కూలి, అయినా బీరువా ఖరీదు 9,810కి ఎక్కుతుంది. ఆ అంకె చూసి ధర పెంచిన యజమాని ఉన్న కాస్త గిరాకీనీ పోగొట్టుకుంటాడు. ముందే వేసుకున్న రేటుతో నడిస్తే బీరువా 9,000 దగ్గరే ఉంటుంది, షెడ్డు ఖాళీగా ఉన్నందుకైన ఖర్చు ఓవర్‌హెడ్ ఖాతాలో విడిగా కనిపిస్తుంది. మన అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 2 కూడా ఇదే కోరుతుంది. స్థిర ఓవర్‌హెడ్‌ను సాధారణ సామర్థ్యం మేరకే నిల్వ సరుకు విలువలో కలపాలి, పని తగ్గినందువల్ల మిగిలినది ఆ కాలపు ఖర్చుగా రాయాలి.

ఇప్పుడు తయారీలో ఉన్న సరుకు ఖాతా చూడండి. గత నెల సగంలో ఉన్న పని 35,000, సామగ్రి 4,80,000, కూలి 1,50,000, ఓవర్‌హెడ్ 1,35,000 కలిపి 8,00,000. నెలాఖరున తలుపులు బిగించనివి, పెయింటు కానివి లెక్కిస్తే 80,000. మిగిలిన 7,20,000 పూర్తయిన 80 బీరువాలది, ఒక్కోటి 9,000. తయారైన సరుకు ఖాతాకు డెబిట్, తయారీలో ఉన్న సరుకుకు క్రెడిట్. 70 బీరువాలు 11,500 చొప్పున అమ్ముడుపోతే అమ్మకాలు 8,05,000. దాంతోపాటే ఇంకో పద్దు పడాలి: అమ్మిన సరుకు ఖర్చుకు 6,30,000 డెబిట్, తయారైన సరుకుకు క్రెడిట్. పది బీరువాలు, 90,000 నిల్వ.

అమ్మకాల్లోంచి 6,30,000 తీసేస్తే 1,75,000. ఎక్కని ఓవర్‌హెడ్ 15,000, ఆగిపోయిన పని 10,000, తాళాలు 5,000, ఆఫీసు, అమ్మకపు ఖర్చులు 85,000 తీసేస్తే 60,000 లాభం. కొందరు ఎక్కని ఓవర్‌హెడ్‌ను నెలనెలా రాయకుండా ఏడాది చివరిదాకా ముందుకు తీసుకెళ్తారు. పెళ్లిళ్ల నెలల్లో ఎక్కువగా ఎక్కినది దానికి కొంత సర్దుకుంటుంది.

ఈ పద్దుల్లో ఒక్కటి తప్పినా ఖాతాలే బయటపెడతాయి. షెడ్డులో పూర్తయిన 20 బీరువాలకు పూర్తి నోటు రాయలేదనుకోండి. తయారైన సరుకులోకి 60 బీరువాలే, అంటే 5,40,000 వస్తుంది. అమ్మినవి 70, అంటే 6,30,000. తయారైన సరుకు ఖాతా 90,000 క్రెడిట్ నిల్వ చూపిస్తుంది. లేని సరుకును అమ్మడం కుదరదు కాబట్టి నోటు ఎక్కడో ఆగిందని వెంటనే తెలుస్తుంది. అటు తయారీలో ఉన్న సరుకు 80,000 బదులు 2,60,000 చూపిస్తుంది. షెడ్డులో అంత సగంపని ఉందేమో వెళ్లి చూస్తే చాలు. రాడ్లను పొరపాటున ప్రత్యక్ష సామగ్రిగా రాసిన తప్పు మాత్రం ఇంత తేలిగ్గా దొరకదు. మొత్తం సరిపోతుంది, ఓవర్‌హెడ్ తక్కువగా, బీరువా ఖరీదు ఎక్కువగా కనిపిస్తుంది. ఇష్యూ స్లిప్పులు ఒక్కొక్కటిగా తిరగేస్తేనే అది పట్టుబడుతుంది.

ఈ పద్ధతికి మారాలనుకునే షెడ్డు యజమానులకు ఒక మాట. కంప్యూటరులో కొత్త ఖాతాలు తెరిచే ముందు ఇష్యూ స్లిప్పు లేకుండా గోదాము నుంచి ఒక్క షీటు కూడా కదలని, టైమ్ కార్డు నింపకుండా షిఫ్టు ముగియని అలవాటు రెండు నెలలు చేయించండి. తర్వాత ఏప్రిల్ 1న స్టోర్సు, సగంపని, పూర్తయిన సరుకు మూడూ కళ్లతో చూసి లెక్కించి, ఆ అంకెలతో ఖాతాలు మొదలుపెట్టండి.