ఒక్క చుక్కతో పేరు తిట్టయిపోతుంది: ఫోన్‌లో హిందీ టైప్ చేసేటప్పుడు జాగ్రత్త

జలీల్ అంటే ఘనత గలవాడు. అదే మాటలో మొదటి అక్షరాన్ని జెడ్‌లా పలికితే ‘నీచుడు’ అని తిట్టినట్టే. ఉర్దూలో ఒకటి జీమ్‌తో, ఇంకొకటి జాల్‌తో రాస్తారు కాబట్టి ఇబ్బంది లేదు. హిందీలో మాత్రం తేడా అంతా అక్షరం కింద పెట్టే నుక్తాలోనే ఉంది: जलील పేరు, ज़लील తిట్టు. దావత్ మెసేజ్‌లో తొందరపడి zaleel అని కొట్టి, కీబోర్డు చూపించిన మాటను నొక్కేస్తే పరువు పోతుంది.

నుక్తా పెట్టకపోతే ఇంత నష్టం ఉండదు. ख़ुदा అంటే దేవుడు, खुदा అంటే ‘తవ్వినది’. అయినా చదివేవాళ్లు సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు. చాలా హిందీ పత్రికలు కూడా నుక్తా వదిలేస్తాయి. అందుకే అనుమానం ఉంటే ఆ మాట ఉర్దూ స్పెల్లింగ్ చూడండి. జీమ్ ఉంటే చుక్క వద్దు. జాల్, జే, జాద్, జోయ్ ఉంటే చుక్క పెట్టాలి. ముందు అక్షరం, తర్వాత నుక్తా, ఆ తర్వాతే మాత్ర కొట్టాలి. వరుస తప్పితే మాత్ర పక్కన చుక్కల వలయం కనిపించవచ్చు.

పైన పెట్టే గుర్తులదీ ఇదే కథ. हँस అంటే నవ్వు, हंस అంటే హంస. చంద్రబిందువు ముక్కుతో పలికే అచ్చుకు, అనుస్వారం ‘న్’, ‘మ్’ లాంటి శబ్దానికి. కానీ में, नहीं లాంటి మాటల్లో గీత పైన మాత్ర ఉంటుంది కాబట్టి అక్కడ ఉత్త బిందువే సరైనది. దాన్ని దిద్దనక్కర్లేదు.

పంపే ముందు కనీసం పేర్లు మాత్రం ఒకసారి చదవండి.