ఆరు మార్కులు ఎక్కడ పోయాయి?

పరీక్షలు అయిపోయి, దిద్దిన పేపర్లు పిల్లల చేతికి వచ్చే రోజుల్లో చాలా ఇళ్లలో ఒకటే మాట వినిపిస్తుంది: "మొత్తం తక్కువ వేశారమ్మా." ఆ మాటకు తల్లిదండ్రులు సాధారణంగా రెండు రకాలుగా స్పందిస్తారు. కొందరు "పోనీలే, వచ్చేసారి చూసుకుందాం" అని ఊరుకుంటారు. మరికొందరు మర్నాడు పొద్దున్నే బడికి వెళ్లి స్టాఫ్ రూమ్ ముందు గొంతు పెంచుతారు. ఊరుకుంటే పిల్లకు న్యాయంగా రావలసిన మార్కులు పోతాయి. గొంతు పెంచితే టీచరుకూ పిల్లకూ మధ్య ఏడాదంతా ఇబ్బంది మిగులుతుంది. ఒక పేజీకి మించని మర్యాదైన ఉత్తరంతో ఈ పని చక్కగా జరుగుతుంది. అయితే ఆ ఉత్తరానికి బలం అందులోని లెక్కలోనే ఉంటుంది. కాబట్టి కలం పట్టే ముందు పేపరు పట్టుకుని కూర్చోవాలి.

తొమ్మిదో తరగతి లెక్కల పేపరు ఒకటి ఉదాహరణగా తీసుకుందాం. మొత్తం 80 మార్కులు. మొదటి పేజీ మీద ఎర్ర ఇంకుతో 62 అని ఉంది. లోపల చిన్న ప్రశ్నలు ఆరింటికి వరసగా 2, 2, 1½, 2, 1, 2 పడ్డాయి. అంటే పదిన్నర. నాలుగు మార్కుల ప్రశ్నలు ఆరింటికి 4, 3, 4, 2½, 4, 3, అంటే ఇరవయ్యున్నర. పెద్ద ప్రశ్నలు నాలుగింటికి 6, 5, 4, 6, అంటే ఇరవై ఒకటి. బిట్ పేపరులో 16. అన్నీ కలిపితే 68 రావాలి. పేపరు మీద 62 ఉంది.

తేడా ఆరు. ఇక్కడితో ఆగకుండా ఆ ఆరు ఎక్కడిదో వెతకాలి. పెద్ద ప్రశ్నల్లో ఆరు మార్కులు పడినవి రెండు. మొదటిది ప్రధాన పుస్తకంలోనే ఉంది. రెండోది, చివరి ప్రశ్న, దారంతో కట్టిన అడిషనల్ షీటు మీద ఉంది. ఆ షీటు మార్కులు మొదటి పేజీలోని గడుల్లోకి ఎక్కలేదు. ఇక ఊహించడానికి ఏమీ మిగలలేదు. ఏ మార్కు, ఏ పేజీలో ఉంది, ఏ గడిలోకి రాలేదు అన్నదంతా వేలుపెట్టి చూపించవచ్చు.

కూడికలో తప్పులు దొర్లే చోట్లు కొన్నే. అడిషనల్ షీటు మార్కు మొదటి పేజీకి చేరకపోవడం వాటిలో ఒకటి. బిట్ పేపరు విడిగా దిద్దినప్పుడు దాని మార్కులు కలపకపోవడం మరొకటి. అర మార్కులు ఎక్కువగా ఉన్న పేపరులో ఒకటి రెండు అరలు జారిపోతాయి. నిలువుగా కూడేటప్పుడు పదుల స్థానానికి తీసుకెళ్లాల్సిన ఒకటిని మరిచిపోతే తేడా సరిగ్గా పది వస్తుంది. పేపరు మీద మొత్తం సరిగానే ఉండి, ప్రోగ్రెస్ కార్డులో వేరే అంకె కనిపిస్తే ఎక్కించేటప్పుడు అంకెలు తారుమారై ఉండవచ్చు. 74కు బదులు 47 అని రాస్తే తేడా 27. రెండంకెల సంఖ్యలో అంకెలు అటుదిటైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగింపబడుతుంది. ఖాతా పుస్తకాలు రాసేవాళ్లు ఎప్పటినుంచో వాడే గుర్తు ఇది. తేడా 9, 18, 27 ఇలా ఉంటే ముందుగా ప్రోగ్రెస్ కార్డునూ పేపరు మొదటి పేజీనీ పక్కపక్కన పెట్టి చూడాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మన కూడికే తప్పయ్యే సందర్భాలుంటాయి. ఆరు పెద్ద ప్రశ్నల్లో నాలుగు రాయమన్నప్పుడు పిల్లలు ఐదు రాస్తారు. టీచరు ఐదూ దిద్ది, ఎక్కువ మార్కులు వచ్చిన నాలుగింటినే లెక్కలోకి తీసుకుంటారు. ఇంట్లో ఐదూ కలిపితే మొత్తం ఎక్కువ కనిపించడం సహజం. కొట్టేసిన మార్కు పక్కన మళ్లీ వేసిన మార్కును రెండుసార్లు కలిపేయడం కూడా జరుగుతుంది. అందుకే ప్రశ్నపత్రం పక్కన పెట్టుకుని, పిల్లతో ఒకసారి, మనం ఒకసారి విడివిడిగా కూడాలి. రెండు కూడికలూ ఒకటే వస్తేనే ఉత్తరం రాయాలి. పేపరు మీద మాత్రం పెన్సిలుతో కూడా గీత గీయకూడదు. ఇంటి చేతిరాత పడిన పేపరును బడి అనుమానంగా చూస్తే తప్పు పట్టలేం. మొదటి పేజీనీ, మార్కు జారిపోయిన పేజీనీ ఫోటో తీసుకుంటే చాలు.

క్లాస్ టీచరుకు నోటిమాటగా చెబితే సరిపోదా అని అడగవచ్చు. ముందుగా చెప్పడం మర్యాద, చెప్పాలి కూడా. కానీ మార్కు ఒక్క పేపరు మీదే ఉండదు. పేపరు మొదటి పేజీ, మార్కుల రిజిస్టరు, ప్రోగ్రెస్ కార్డు, వీటితో పాటు బడి కంప్యూటరులో ఎక్కించిన అంకె, ఇన్ని చోట్లా సరిచేయాలి. రిజిస్టరులో దిద్దుబాటుకు పెద్దల సంతకం కావాలి. పాత అంకె కనబడేలా ఒక గీత కొట్టి, పక్కన కొత్తది రాసి, పొట్టి సంతకం పెట్టడం పద్ధతి. ఆ దిద్దుబాటుకు ఆధారంగా నిలిచే కాగితం మన ఉత్తరమే. అందుకే దాన్ని ప్రిన్సిపాల్ పేరున రాయాలి. ప్రభుత్వ బడి అయితే ప్రధానోపాధ్యాయుల పేరున రాయాలి. పేపరు ఇచ్చిన వారంలోపే ఇస్తే మేలు. మార్కులు ఎక్కించే గడువు దాటాక సరిచేయడం బడికీ కష్టమే.

ఉత్తరం ఇలా ఉండవచ్చు:

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

విషయం: 9వ తరగతి గణితం పేపరు మొత్తం మార్కుల కూడికను మరోసారి పరిశీలించవలసిందిగా మనవి.

నమస్కారం. మా అమ్మాయి ………… మీ పాఠశాలలో 9వ తరగతి బి సెక్షన్‌లో చదువుతోంది. రోల్ నంబరు …………. సమ్మెటివ్ పరీక్ష గణితం పేపరు మాకు చూపించినందుకు కృతజ్ఞతలు.

పేపరు మొదటి పేజీలో మొత్తం 62గా ఉంది. లోపలి పేజీల్లో వేసిన మార్కులను కూడితే మాకు 68 వచ్చింది. చిన్న ప్రశ్నలకు 10½, నాలుగు మార్కుల ప్రశ్నలకు 20½, పెద్ద ప్రశ్నలకు 21, బిట్ పేపరుకు 16. అడిషనల్ షీటులో ఉన్న చివరి ప్రశ్న మార్కులు 6 మొత్తంలో కలవలేదేమోనని మాకు అనిపించింది.

ఆ పేజీల నకళ్లు జతచేస్తున్నాను. దయచేసి కూడికను ఒకసారి చూడించి, తేడా ఉన్నట్లయితే రిజిస్టరులోనూ ప్రోగ్రెస్ కార్డులోనూ సరిచేయించవలసిందిగా కోరుతున్నాను. మేము పొరబడి ఉంటే ఆ విషయం తెలియజేసినా సంతోషం. ప్రశ్నలకు వేసిన మార్కుల విషయంలో మాకు ఎలాంటి అభ్యంతరమూ లేదు.

ఇట్లు,
భవదీయుడు,
(సంతకం, పేరు, ఫోన్ నంబరు, తేదీ)

ఈ ఉత్తరంలో టీచరు పేరు ఎక్కడా లేదు. "టీచరు తప్పు వేశారు" అన్న మాటా లేదు. "కలవలేదేమోనని మాకు అనిపించింది" అనడం వల్ల లెక్క గట్టిగా ఉంటూనే మాట మెత్తగా ఉంటుంది. ఒకే వారంలో రెండు మూడు సెక్షన్ల పేపర్లు దిద్దిన మనిషికి ఒక షీటు కంటపడకపోవడం పెద్ద నేరమేమీ కాదు. ఉత్తరం ఆ సంగతి తెలిసినట్టు మాట్లాడితే, సరిదిద్దడం ఆయనకూ తేలికవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరి వాక్యం. కూడికను చూడమనడం వేరు, జవాబును మళ్లీ దిద్దమనడం వేరు. కూడికలో ఎవరి అభిప్రాయానికీ చోటు లేదు, ఎవరు చేసినా ఒకటే జవాబు రావాలి. మూడో స్టెప్పుకు రెండు వేయాల్సింది ఒకటే వేశారన్నది మాత్రం టీచరు విచక్షణకు సంబంధించిన విషయం. ఆ రెండింటినీ ఒకే ఉత్తరంలో కలిపితే వాదన రెండో దాని మీదకు మళ్లి, తిరుగులేని మొదటిది వెనకబడిపోతుంది. జవాబు మీద సందేహం ఉంటే పిల్లే టీచరు దగ్గరకు వెళ్లి ఎక్కడ తప్పు పోయిందో అడిగి తెలుసుకోవడం మంచిది. అలాగే "కష్టపడి చదివింది, బాధపడుతోంది" లాంటి మాటలు కూడా ఈ ఉత్తరానికి అక్కర్లేదు. 68 రావడానికి ఆ బాధ కారణం కాదు.

ఇంత చిన్న తేడాకు ఇంత శ్రమ ఎందుకంటే, ఆ ఆరు మార్కులు అక్కడితో ఆగవు. ఫార్మేటివ్ మార్కులు 20కి 17 వచ్చాయనుకుందాం. 62తో కలిపితే 79, 68తో కలిపితే 85. 71 నుంచి 80 వరకు బి1, 81 నుంచి 90 వరకు ఎ2 ఇచ్చే బడిలో అమ్మాయి గ్రేడే మారిపోతుంది.

పదో తరగతి పబ్లిక్ పరీక్షకు ఈ ఉత్తరం పనికిరాదు. అక్కడ పేపరు బడి చేతిలో ఉండదు. ఫలితాలు వచ్చాక ప్రభుత్వ పరీక్షల విభాగం ఇచ్చే గడువులోగా రీకౌంటింగుకు గానీ రీవెరిఫికేషనుకు గానీ దరఖాస్తు చేసుకోవాలి. రీకౌంటింగులో మార్కులు మళ్లీ కూడతారు. రీవెరిఫికేషనులో దిద్దకుండా వదిలేసిన జవాబులు ఉన్నాయేమో కూడా చూసి, జవాబు పత్రం నకలు ఇస్తారు. దిద్దిన జవాబు పత్రాన్ని చూసే హక్కు విద్యార్థికి సమాచార హక్కు చట్టం కింద ఉందని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. 2019 తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో మంచిర్యాల జిల్లా విద్యార్థినికి తెలుగులో సున్నా పడింది. తిరిగి చూస్తే ఆమెకు 99 వచ్చాయి. పెద్ద వ్యవస్థల్లోనూ అంకె ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లే దారిలోనే జారిపోతుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఉత్తరాన్ని ఆఫీసులో ఇచ్చేటప్పుడు రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు తేదీతో సంతకం వేయించుకోవాలి. వారం దాటినా కబురు రాకపోతే ఆ కాపీ పట్టుకుని నెమ్మదిగా మరోసారి అడగవచ్చు. పిలిచి సరిచేశామని చెబితే ప్రోగ్రెస్ కార్డులో కొత్త మొత్తం, దాని పక్కన సంతకం ఉన్నాయో లేదో అక్కడే చూసుకోవాలి. కూడిక సరిగానే ఉందని చూపిస్తే ఆ మాట ఒప్పుకుని ధన్యవాదాలు చెప్పి రావాలి.

ఇంకో సంగతి ఇంట్లోనే తేలాలి. పేపరు మీద 68 ఉండి, కూడితే 62 వస్తే ఏం చేస్తాం? ఆ పేపరునూ ఇదే మర్యాదతో, ఇదే ఉత్తరంతో ప్రిన్సిపాల్ గారికి చూపించాలి. తగ్గినప్పుడే కాకుండా పెరిగినప్పుడు కూడా లెక్క చూపించే ఇంటి నుంచి వెళ్లిన ఉత్తరాన్ని ఏ బడీ తేలిగ్గా తీసుకోదు. పక్కన కూర్చుని కూడిన పిల్ల ఈ రెండు సందర్భాలనూ గమనిస్తూనే ఉంటుంది.