మేనేజర్‌ మీద ఫిర్యాదు ఇచ్చాక రాజీ ఎలా కుదరాలి?

పైఅధికారి తీరు మీద ఉద్యోగి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, చాలా ఆఫీసుల్లో హెచ్‌ఆర్‌ వాళ్లు ఇద్దరినీ పిలిచి, ఒక ‘సారీ’ చెప్పించి పంపేస్తారు. దాన్ని మధ్యవర్తిత్వం అనలేం. అదెలా జరగాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఒక కంపెనీ అకౌంట్స్‌ విభాగం. బిల్లులో తప్పు దొరికిన ప్రతిసారీ మేనేజర్‌ అందరి ముందూ జూనియర్‌ మీద కేకలేస్తారు. రాత్రి 11 గంటలకు వాట్సాప్‌లో నిలదీస్తారు. జూనియర్‌ ఫిర్యాదు ఇచ్చాడు. మాట్లాడుకుని తేల్చుకోవడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు.

మధ్యవర్తి ఆ విభాగానికి సంబంధం లేని మనిషై ఉండాలి. ముందు ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడతారు. అసలు సంగతులు బయటపడేది ఇక్కడే. ‘పనిలో తప్పు చూపిస్తే బాధ లేదు, నలుగురిలో పరువు తీస్తున్నారు’ అంటాడు జూనియర్‌. ‘నెలాఖరున లెక్కలు మూసే రోజు దాకా ఫైళ్లు నా చేతికి రావు, తప్పులు దిద్దే టైమే ఉండదు’ అంటారు మేనేజర్‌. ఆ తర్వాతే ఇద్దరినీ కలిపి కూర్చోబెడతారు. తప్పెవరిదో మధ్యవర్తి తీర్పు చెప్పరు. రేపటి నుంచి ఎవరు ఏం చేయాలో వాళ్లచేతే చెప్పిస్తారు.

‘ఇకపై మర్యాదగా ఉంటాను’ అని రాసుకుంటే లాభం లేదు. మాట తప్పారో లేదో ఎవరూ తేల్చలేరు. ‘ఫైళ్లు 25వ తేదీకల్లా ఇస్తాను. తప్పులుంటే గదిలోకి పిలిచి చెబుతాను. రాత్రి 8 దాటాక మెసేజ్‌ పెట్టను’ అని రాసుకుంటే తేల్చవచ్చు. నెల తర్వాత ఒకసారి, మూడు నెలలకు మరోసారి మధ్యవర్తి ఇద్దరినీ అడిగి చూడాలి. అప్రైజల్‌ గడువు దగ్గర పడితే, ఆ ఏడాది రేటింగ్‌ను ఇంకో అధికారి కూడా పరిశీలించాలి. ఎందుకంటే కక్ష సాధింపు కేకల్లో కాకుండా మార్కుల్లో కనిపిస్తుంది.

లైంగిక వేధింపుల ఫిర్యాదుకు దారి వేరు. 2013 చట్టం సెక్షన్‌ 10 ప్రకారం, విచారణ మొదలుకాకముందు, బాధితురాలు కోరితేనే కమిటీ రాజీ ప్రయత్నం చేయవచ్చు. డబ్బు ఆధారంగా రాజీ కుదర్చకూడదు. కుదిరిన షరతులను రాసి, ఇద్దరికీ ప్రతులు ఇవ్వాలి. నిందితుడు షరతు తప్పాడని ఆమె చెబితే విచారణ జరపాలి.

రాజీ కాగితం మీ ముందుకొస్తే సంతకానికి ముందు ఒక్కటి అడగండి: ‘ఇది అమలు కాకపోతే నా ఫిర్యాదు మళ్లీ విచారణకు వస్తుందా?’ వస్తుందని ఆ కాగితంలోనే రాయించుకోండి. రాయనంటే సంతకం పెట్టకండి.