బాకీ వేరు, పరీక్ష వేరు

సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డాక హాల్‌టికెట్ కోసం వెళ్లిన విద్యార్థికి కౌంటర్‌లో ఒక్కోసారి ఎదురయ్యే మాట ఇది: “మీ పేరు డ్యూస్ లిస్టులో ఉంది. లైబ్రరీలో క్లియర్ చేసుకుని రండి.” లైబ్రరీకి వెళ్తే, వాళ్లు చూపించే మొత్తం చాలాసార్లు విద్యార్థి అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటుంది. అందులో కొంత నిజమైన బాకీ కావచ్చు, కొంత కాకపోవచ్చు. ఏది ఏమిటో తేల్చుకునే వ్యవధి ఉండదు. అప్పుడు రిజిస్ట్రార్‌కు రాసే అర్జీ పనిచేస్తుంది. అయితే దాన్ని ఎలా రాశామన్నదాని మీదే ఫలితం ఆధారపడి ఉంటుంది.

ముందు ఆ పేరు లిస్టులోకి ఎలా చేరిందో చూద్దాం. పరీక్షల ముందు ఒక తేదీన లైబ్రరీ తన రికార్డుల్లో బాకీ ఉన్నవాళ్ల పేర్లన్నీ తీసి పరీక్షల విభాగానికి పంపుతుంది. ఆ పేర్లున్న హాల్‌టికెట్లను పక్కన పెడతారు. ఆ తర్వాత మీరు డబ్బు కట్టినా, పరీక్షల విభాగంలో ఉన్నది పాత లిస్టే. అందుకే రసీదు జేబులో పెట్టుకుని ఊరుకుంటే చాలదు. లైబ్రేరియన్ సంతకంతో నో డ్యూ స్లిప్ తీసుకుని మీరే వెళ్లి అక్కడ ఇవ్వాలి. బాకీ మొత్తం నిజమే అయి, కట్టగలిగితే కథ ఇక్కడితో ముగుస్తుంది, అర్జీ అక్కర్లేదు.

చిక్కంతా లెక్క తప్పుగా ఉన్నప్పుడే. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ నాలుగో సెమిస్టర్ అమ్మాయి, ఆమె పేరు మీద రెండు పుస్తకాలు. మొదటిది నిజంగానే పోయింది. దాని ధర 640 రూపాయలు, ఆ లైబ్రరీ నిబంధన ప్రకారం పోయిన పుస్తకానికి రెట్టింపు కట్టాలి కాబట్టి 1,280. గడువు దాటిన 75 రోజులకు రోజుకో రూపాయి చొప్పున 75. రెండో పుస్తకం ఆమె తిరిగి ఇచ్చేసింది. కానీ కంప్యూటర్‌లో ఇంకా ఆమె దగ్గరే ఉన్నట్టు చూపిస్తోంది. దానికి ఫైన్ 190, 475 రూపాయల ధరకు రెట్టింపు 950. అంతా కలిపి 2,495.

ఇచ్చేసిన పుస్తకం ఇవ్వనట్టు ఎలా కనిపిస్తుంది? రద్దీ రోజున కౌంటర్ మీద పుస్తకం పెట్టి వెళ్లిపోతాం. బార్‌కోడ్ స్కాన్ చేయకుండానే అటెండర్ దాన్ని మిగతావాటితో కలిపి ర్యాక్‌లో సర్దేస్తాడు. సాఫ్ట్‌వేర్ దృష్టిలో అది ఇంకా మీ దగ్గరే ఉంది, ఫైన్ పెరుగుతూనే ఉంటుంది. ఇది కనిపెట్టడం పెద్ద కష్టం కాదు. లైబ్రరీ కేటలాగ్‌లో ఆ పుస్తకం కాల్ నంబర్ చూసుకుని ర్యాక్ దగ్గరికి వెళ్లాలి. ఒకే పుస్తకానికి నాలుగైదు కాపీలుండవచ్చు, కాబట్టి పేరు చూసి సంబరపడకూడదు. ప్రతి కాపీకీ విడిగా ఒక అక్సెషన్ నంబర్ ఉంటుంది. దాన్ని టైటిల్ పేజీ దగ్గర, చాలా లైబ్రరీల్లో లోపల మరో పేజీలో కూడా, సిరాతో రాస్తారు లేదా ముద్ర వేస్తారు. మీ పేరు మీదున్న నంబర్ ఆ కాపీ మీదున్న నంబర్‌తో కలిస్తే, మీ వాదనకు అంతకుమించిన సాక్ష్యం లేదు. అక్కడికక్కడే అసిస్టెంట్ లైబ్రేరియన్‌ను పిలిచి చూపించాలి. పుస్తకం ర్యాక్‌లో దొరకకపోతే వేరొకరికి ఇష్యూ అయి ఉండవచ్చు, లేదా వేరే చోట సర్ది ఉండవచ్చు. వెతకడానికి వాళ్లకు రోజులు పడుతుంది. మన ఉదాహరణలోని అమ్మాయికి జరిగింది అదే అనుకుందాం. పరీక్ష మాత్రం సోమవారం.

ఇక అర్జీ. చాలామంది ఇందులో ఇంటి పరిస్థితి, నాన్నగారి ఆరోగ్యం, తమ మార్కులు అన్నీ రెండు పేజీల్లో రాస్తారు. ఆ బాధ నిజమే, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ సంతకం పెట్టే అధికారికి కావలసింది వేరు. ఈ అమ్మాయిని పరీక్షకు పంపితే విశ్వవిద్యాలయం డబ్బు ఎక్కడికీ పోదని ఆయనకు కాగితం మీద కనబడాలి. అది కనబడితే ఫైలు మీద ‘అనుమతించవచ్చు’ అని రాయడానికి ఆయనకు ఆధారం దొరుకుతుంది. అర్జీ ఇలా ఉంటే సరిపోతుంది:

“గౌరవనీయులైన రిజిస్ట్రార్ గారికి, విభాగాధిపతి గారి ద్వారా. విషయం: లైబ్రరీ బాకీ కారణంగా నిలిపివేసిన హాల్‌టికెట్ విడుదల చేయవలసిందిగా విన్నపం.

అయ్యా, నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ నాలుగో సెమిస్టర్ విద్యార్థినిని. నా పేరు మీద లైబ్రరీ చూపిన 2,495 రూపాయలలో 1,355 నేను చెల్లించవలసినవే. ఈ రోజు చెల్లించాను, రసీదు జతపరిచాను. మిగిలిన 1,140 రూపాయలు నేను ఇదివరకే తిరిగి ఇచ్చిన పుస్తకానికి సంబంధించినవి. దాని అక్సెషన్ నంబర్ తెలియజేస్తూ లైబ్రేరియన్ గారికి రాతపూర్వకంగా విన్నవించాను, నకలు జతపరిచాను. విచారణలో ఆ మొత్తం నా బాకీ అని తేలితే, నేను ప్రవేశ సమయంలో కట్టిన 2,000 రూపాయల కాషన్ డిపాజిట్ నుంచి మినహాయించుకోవడానికి అంగీకరిస్తున్నాను. హామీపత్రం జతపరిచాను. పరీక్షలు సోమవారం మొదలవుతున్నందున హాల్‌టికెట్ విడుదలకు ఆదేశించగలరు.”

ఒప్పుకున్న మొత్తాన్ని ముందే కట్టేయడం ఈ అర్జీకి ప్రాణం. మొత్తం తప్పని వాదిస్తే లైబ్రరీకీ విద్యార్థికీ మధ్య తగవుగా మారుతుంది, అది తేలేదాకా ఫైలు ఆగుతుంది. పోయిన పుస్తకం విషయంలో ఇంకో దారి కూడా అడిగి చూడండి. చాలా లైబ్రరీలు అదే పుస్తకం కొత్త కాపీ తెచ్చిస్తే తీసుకుంటాయి. రెట్టింపు కట్టడం కంటే అది చవక.

ఎవరికి రాయాలన్నది కూడా ముఖ్యమే. విశ్వవిద్యాలయ క్యాంపస్‌లో చదివేవాళ్లు రిజిస్ట్రార్‌కు రాసి, పరీక్షల నియంత్రణాధికారికి, లైబ్రేరియన్‌కు నకళ్లు పంపాలి. అనుబంధ కళాశాలలో హాల్‌టికెట్ ఆపింది సాధారణంగా కళాశాలే అయి ఉంటుంది, కాబట్టి మొదటి అర్జీ ప్రిన్సిపాల్‌కే. ఆయన కాదంటేనే రిజిస్ట్రార్ దాకా వెళ్లాలి. అర్జీని ఇన్‌వార్డ్ విభాగంలో ఇచ్చి, మీ నకలు మీద ముద్ర, తేదీ, నంబర్ వేయించుకోండి. రేపు ఫైలు ఏ సీటులో ఉందో ఆ నంబర్ చెప్పే అడగగలరు. ముందురోజు రాత్రి ఈమెయిల్ పంపి ఊరుకున్న అర్జీ సమయానికి ఎవరి కంటా పడకపోవచ్చు.

పైకి ఫిర్యాదు చేసే మార్గం ఉంది. యూజీసీ 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి విద్యాసంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, దానిపైన అప్పీలుకు అంబుడ్స్‌పర్సన్ ఉంటారు. కానీ కమిటీ నివేదిక ఇవ్వడానికి 15 పనిదినాల గడువుంది. సోమవారం పరీక్షకు అది అందదు. తప్పు బాకీని రద్దు చేయించుకోవడానికి మాత్రం అది పనికొస్తుంది.

హాల్‌టికెట్ ఆపడం నాకు మొదటినుంచీ అన్యాయంగానే తోస్తుంది. లైబ్రరీ డబ్బు రాబట్టుకోవడానికి విశ్వవిద్యాలయం చేతిలో కాషన్ డిపాజిట్ ఉంది, కోర్సు చివర నో డ్యూ సర్టిఫికెట్ ఉంది. బాకీ వచ్చే నెల వసూలైనా బాకీయే. పరీక్ష అలా కాదు, ఆ రోజు తప్పితే మళ్లీ ఆ పేపరు వచ్చేదాకా, కొన్నిచోట్ల ఏడాదిదాకా, ఆగాలి. అందుకే హామీపత్రం మీద పరీక్షకు అనుమతించి, అవసరమైతే ఫలితాన్ని ఆపడం సమంజసమైన మధ్యేమార్గం.

ఆ మార్గంలో హాల్‌టికెట్ వచ్చిందంటే పని సగమే అయినట్టు. పరీక్షలు కాగానే లైబ్రరీకి వెళ్లి పుస్తకం సంగతి తేల్చుకోండి. అది దొరికితే మీ ఖాతాలో ఎంట్రీ తీసేయించి, నో డ్యూ స్లిప్ పరీక్షల విభాగంలో ఇచ్చి, మీ హామీపత్రాన్ని రద్దు చేసినట్టు రాయించుకోండి. అలా చేయకపోతే మార్కుల మెమో వచ్చే రోజున అదే కౌంటర్ దగ్గర మళ్లీ నిలబడాల్సి వస్తుంది.